వాచీలో తప్పెటగుళ్ళు: ఫోన్ ఇంట్లో వదిలేసి పరుగుకి వెళ్ళడానికి నా ప్రాజెక్టు డైరీ

జనవరి 3

మాది పర్లాకిమిడి. పొద్దున్న ఐదున్నరకి ఇంట్లోంచి బయలుదేరి మహేంద్రతనయ బ్రిడ్జి దాటి పాతపట్నం నీలమణి దుర్గ గుడి దాకా పరుగెత్తి తిరిగి వస్తాను, నా వేగానికి నలభై అయిదు నిమిషాలు పడుతుంది. ఇన్నాళ్ళూ ఫోన్ చేతిలో పట్టుకునే పరుగెత్తాను, పాటలు నెట్ మీద నడిచేవి. బ్రిడ్జి దగ్గరకి వచ్చేసరికి ఫోన్ ఒడిశా టవర్ వదిలేసి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది, ఆ మధ్యలో డేటా ఆగిపోతుంది, సరిగ్గా ఊపు వచ్చే చోటే పాట నిలిచిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే. దానికి తోడు చెమట చేతిలో ఫోన్ జారుతూ ఉంటుంది.

మా బావ కొత్త వాచీ కొనుక్కుని పాతది నాకు ఇచ్చేశాడు. గార్మిన్ ఫోర్‌రన్నర్ 245 మ్యూజిక్. పేరు చివర ఉన్న ఆ 'మ్యూజిక్' అన్న మాటే ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే చూడ్డానికి ఇలాగే ఉండే మామూలు 245 కూడా ఉంది, దాన్లో పాటలు దాచుకునే చోటే ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు డబ్బులిచ్చే ముందు UP బటన్ కాసేపు నొక్కి పట్టుకుని `Settings > Music` లోకి వెళ్ళి చూడండి. మ్యూజిక్ మోడల్లో అయితే అక్కడ `Headphones` అని ఉంటుంది.

అనుకున్న పని ఇది: పాటలు వాచీలోనే ఉండాలి, ఇయర్‌బడ్స్ ఫోన్‌తో పని లేకుండా నేరుగా వాచీకే కలవాలి, ఫోన్ ఇంట్లో చార్జింగులో ఉండాలి. ఇంకో కోరిక కూడా ఉంది. టెక్కలి దగ్గర మా మావయ్యది తప్పెటగుళ్ళ బృందం. గుండెకి కట్టుకున్న తప్పెట, కాళ్ళకి గజ్జెలు, మెల్లగా మొదలై గంతులు పెరిగేకొద్దీ దరువు ముదురుతూ పోతుంది. పరుగుకి అంతకంటే సరిపోయే దరువు నాకు ఇంకెక్కడా దొరకలేదు. అది ఏ పాటల యాప్‌లోనూ లేదు, మావయ్య పంపిన వాట్సాప్ మెసేజీలోనే ఉంది. అదే వాచీలోకి ఎక్కాలి.

జనవరి 4

మొదట తెలుసుకున్నది: ఈ వాచీకి ఫోన్ నుంచి ఎంపీత్రీ పంపడానికి దారి లేదు. ఫోన్‌లో ఉండే గార్మిన్ యాప్ పరుగు లెక్కలూ నోటిఫికేషన్లూ చూసుకుంటుంది గానీ పాట ఫైళ్ళు మోయదు. సొంత ఫైళ్ళు ఎక్కించాలంటే కంప్యూటర్, చార్జింగ్ కేబుల్ కావాలి. (శాంసంగ్ వాచీలకి ఫోన్ నుంచే పంపుకోవచ్చు, ఆ వాచీ ఉన్నవాళ్ళకి ఈ భాగం అక్కర్లేదు.)

స్పాటిఫై లాంటి వాటికి వాచీలోనే యాప్ ఉంది, వైఫై మీద పాటలు నేరుగా వాచీలోకి దిగుతాయి. కానీ దానికి డబ్బు కట్టిన ఖాతా ఉండాలి, నెలకోసారైనా నెట్‌కి తగిలించాలి. ఫోన్‌లో 'డౌన్‌లోడ్' అయిన పాటల్ని తీసి వాచీలోకి కాపీ చేద్దాం అనుకుంటే కుదరదు, అవి ఆ యాప్ ఒక్కటే తెరవగలిగేలా తాళం వేసిన ఫైళ్ళు. మన దగ్గర సొంతంగా ఉన్న ఎంపీత్రీ, ఎమ్‌ఫోర్‌ఏ, వేవ్ ఫైళ్ళయితే ఏ గొడవా లేదు.

కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టాను. పెన్‌డ్రైవ్‌కి వచ్చినట్టు డ్రైవ్ అక్షరం రాదు, ఫోన్ పెట్టినప్పుడు ఎలా కనిపిస్తుందో అలా వాచీ పేరుతో కనిపిస్తుంది. లోపలికి వెళ్తే `Music` అని ఫోల్డరు ఉంది. నాన్న పాత క్యాసెట్ల నుంచి ఎప్పుడో ఎక్కించి పెట్టిన పాటలు అరవై దాకా అందులో పడేశాను. కాపీ చాలా నెమ్మది, పెన్‌డ్రైవ్ వేగం ఊహించుకోకండి. పక్కన పెట్టి టీ పెట్టుకుని వచ్చాను, ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో కేబుల్ కదిపితే ఆ ఒక్క ఫైలు సగంలో తెగిపోతుంది, అప్పుడు ఆ ఫైలు తీసేసి మళ్ళీ వేయాలి. వాచీ వెనక దిగే కేబుల్ మొన కొంచెం లూజు, అందుకని వాచీని బల్ల మీద బోర్లా పెట్టి వదిలేశాను.

మావయ్య ఫైలు దగ్గర మాత్రం ఆగిపోయింది. కాపీ అయింది, వాచీలో కనిపించలేదు.

జనవరి 6

కారణం దొరికింది. మావయ్య వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి పట్టుకుని రికార్డు చేసి పంపాడు. అలా పంపిన వాయిస్ మెసేజ్ `.opus` ఫైలుగా వస్తుంది, ఈ వాచీకి ఓపస్ తెలియదు. తెలియని రకాన్ని తప్పు అని చెప్పదు, ఊరికే లిస్టులో చూపించదు. ఫైలు ఎక్కించాను కదా, ఏదీ అని వెతుక్కునేవాళ్ళు ముందు ఫైలు పేరు చివర ఏముందో చూడాలి.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంది, దాంతో మార్చాను:

```
ffmpeg -i PTT.opus -c:a libmp3lame -b:a 128k -metadata title="Tappeta 1" -metadata album="Tappeta" tappeta1.mp3
```

`128k` ఎందుకు అంటే, ఆ లెక్కన నిమిషానికి ఒక ఎంబీ కంటే కాస్త తక్కువే అవుతుంది. 320 పెడితే రెండున్నర రెట్లు చోటు తింటుంది. పైగా వాచీ నుంచి చెవికి వెళ్ళేటప్పుడు బ్లూటూత్ ఆ శబ్దాన్ని మళ్ళీ కుదించే పంపుతుంది, రోడ్డు మీద గాలీ లారీల హోరూ మధ్య ఆ తేడా నా చెవికి తెలియలేదు. అసలు వాయిస్ మెసేజే మాట వినపడితే చాలన్నట్టు బాగా కుదించి ఉంటుంది, దాన్ని ఎంత పెద్ద ఎంపీత్రీగా మార్చినా పోయిన గజ్జెల శబ్దం తిరిగి రాదు. తప్పెట వినిపిస్తోంది, గజ్జెలు మాత్రం ఇసుక జల్లినట్టు ఉన్నాయి.

`title`, `album` అని పెట్టినవి కూడా ముఖ్యమే. వాచీ పాటల్ని ఫోల్డర్ల వారీగా చూపించదు, ఫైలు లోపల రాసి ఉన్న ఈ వివరాల్ని బట్టి పాడినవాళ్ళు, ఆల్బమ్, పాట అని సర్దుతుంది. నాన్న పాటల్లో సగానికి ఈ వివరాలే లేవు, అవన్నీ ఒకే కుప్పగా పడ్డాయి. పేర్లు మొదట తెలుగులో రాశాను, నా వాచీ తెర మీద అక్షరాలు రాలేదు. అందుకే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను.

సాయంత్రం మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "ఏటమ్మీ, గడియారంలో మా తప్పెట ఎలాగ పడతాది?" అన్నాడు. పడింది మావయ్యా, కానీ గజ్జెలు సరిగా వినపడడం లేదు, పండక్కి వచ్చినప్పుడు నేనే రికార్డు చేసుకుంటాను అన్నాను. "అయితే కనుమ నాటికి వచ్చీ, ఆ రోజు గట్టిగా ఆడతాం" అన్నాడు.

జనవరి 7

ఈ రోజు ఇయర్‌బడ్స్ జత చేయడం. వాచీకి స్పీకర్ లేదు, చెవిలో పెట్టుకునేది ఏదో ఒకటి కలిస్తే గానీ పాట మొదలే కాదు.

చేయాల్సింది నాలుగు ముక్కలు. ఇయర్‌బడ్స్‌ని వాచీ పక్కనే పెట్టుకోవాలి, రెండు మీటర్లు దాటకుండా. వాటిని పెయిరింగ్‌లో పెట్టాలి, నావైతే డబ్బా బటన్ అయిదు సెకన్లు నొక్కితే దీపం టపటపా కొట్టుకుంటుంది. వాచీలో UP బటన్ నొక్కి పట్టుకుని `Settings > Music > Headphones > Add New` కి వెళ్ళాలి. పేరు కనిపించగానే ఎంచుకోవాలి.

నాకు పేరు కనిపించలేదు. రెండుసార్లు, మూడుసార్లు చేశాను, వాచీ వెతుకుతూనే ఉంది. చివరికి చూస్తే వంటింట్లో అమ్మ ఫోన్‌కి కనెక్ట్ అయి ఉన్నాయి. దసరాల్లో అమ్మ వాటితో భజనలు వినేది. డబ్బా మూత తెరవగానే ఇయర్‌బడ్స్ ముందుగా తమకి తెలిసిన ఫోన్ కోసం వెతుక్కుంటాయి, అది దగ్గర్లో ఉంటే దానికే అతుక్కుంటాయి, ఇక కొత్త వాచీకి కనిపించవు. అమ్మ ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ బ్లూటూత్ ఆపేసి మళ్ళీ చేశాను. పది సెకన్లలో జత కుదిరింది.

జత ఒకసారి కుదిరితే చాలదు, రోజూ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఇదే పేచీ వస్తుంది. ఫోన్ ఇంట్లోనే ఉంది కదా, బడ్స్ దానికే పోతాయి. రెండు రకాలుగా దీనికి విరుగుడు ఉంది. అమ్మ ఫోన్‌లో ఆ ఇయర్‌బడ్స్ పేరు మీద 'మర్చిపో' కొట్టేశాను, అమ్మకి వైరు ఉన్న పాతవి ఇచ్చాను. నా ఫోన్‌లో మాత్రం పేరు ఉంచి, పొద్దున్న బ్లూటూత్ ఆపి, ఆ తర్వాతే డబ్బా మూత తీస్తున్నాను. ఈ వరస తప్పితే వాచీలో పాట నొక్కినప్పుడు ఇయర్‌బడ్స్ కలపమని అడుగుతూ కూర్చుంటుంది.

జనవరి 9

మొదటి పరుగు. ఫోన్ లేదు. చేతులు ఖాళీ, ఎంత తేలిగ్గా ఉందో.

బ్రిడ్జి మీద పాట ఆగలేదు, నెట్ సంగతే లేదు కదా. కానీ వేరే రకంగా తెగింది. ఇంటి లోపల అరగంట నడిచి చూసినప్పుడు ఒక్కసారి కూడా తెగలేదు. మా వీధిలో ఇళ్ళ మధ్య కూడా బానే ఉంది. మెయిన్ రోడ్డు ఎక్కాక అక్కడక్కడా, బ్రిడ్జి మీదకి వచ్చాక మరీ, తప్పెట దరువు మధ్యలో ముక్కలు ముక్కలుగా ఎగిరిపోతోంది. టక్, టక్, ఖాళీ, టక్. దరువుతో అడుగు వేసేవాళ్ళకి ఆ ఖాళీ దగ్గర కాలు తడబడుతుంది.

ఇంట్లో బాగుండి బయట పాడవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. గోడలు అడ్డున్న చోట కదా సిగ్నల్ పోవాలి, ఏ అడ్డూ లేని బ్రిడ్జి మీద పోవడమేమిటి?

జనవరి 10

రోజంతా దీని మీదే ఉన్నాను, కారణం తెలిశాక చాలా తృప్తిగా అనిపించింది. కాస్త వివరంగా రాస్తాను.

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద. ఆ తరంగాల్ని నీరు బాగా పీల్చేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. వాచీ ఎడమ మణికట్టు మీద ఉండి, వినే బడ్ కుడి చెవిలో ఉంటే మధ్యలో గుండె, భుజం, తల అన్నీ అడ్డం. తరంగం ఒంట్లోంచి దూసుకుపోలేదు. అయితే ఇంట్లో ఎలా వచ్చింది? గోడలకీ పైకప్పుకీ తగిలి తిరిగి వచ్చి రెండో వైపు నుంచి చెవిని చేరింది. వీధిలో రెండు పక్కలా ఇళ్ళున్నా అంతే. బ్రిడ్జి మీద రెండు పక్కలా నదీ ఆకాశమే, తగిలి తిరిగి రావడానికి ఏమీ లేదు. ఒళ్ళు అడ్డం వచ్చిందంటే ఇక అంతే.

రెండో సంగతి, రెండు బడ్స్‌లో ఒకటే పెద్దన్న. నా వాటిలాంటి చాలా రకాల్లో వాచీతో అసలు లింకు పెట్టుకునేది ఒకటే, రెండోది దాని ఆసరాతోనే వింటుంది. ఆ ప్రధానమైన బడ్ ఏ చెవిలో ఉంది, వాచీ ఏ చేతికి ఉంది, ఈ రెండూ ఒకే వైపు ఉండాలి. గార్మిన్ వాళ్ళు కూడా తెగుతుంటే వాచీని రెండో చేతికి మార్చి చూడమనే చెప్తారు.

నా బడ్స్‌లో ఏది ప్రధానమో ఇలా పట్టుకున్నాను. రెండూ పెట్టుకుని పాట నడుస్తుండగా ఎడమది తీసి డబ్బాలో పెట్టాను, కుడి చెవిలో పాట అలాగే సాగింది. మళ్ళీ రెండూ పెట్టుకుని ఈసారి కుడిది డబ్బాలో పెట్టాను, ఎడమ చెవిలో పాట ఒక సెకను ఆగి మళ్ళీ అందుకుంది. అంటే కుడిదే ప్రధానం, అది పోయేసరికి ఎడమది బాధ్యత అందుకోవడానికి ఆ సెకను పట్టింది. వాచీ నాకు ఎడమ చేతికి. అంటే ఒంటికి అడ్డంగా, చెప్పిన దానికి పూర్తిగా ఎదురు.

ఊహ మీద వదలకుండా సాయంత్రం నది ఒడ్డున ఖాళీ జాగాలో లెక్కపెట్టాను. ఒకే ఫైలు, ఒకే చోటు, పరుగులో ఊగినట్టే చేతులు ఊపుతూ పదేసి నిమిషాలు. తెగిన ప్రతిసారీ ఒక గులకరాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

వాచీ ఎడమ చేతికి, కుడి బడ్ ప్రధానంగా ఉన్నప్పుడు: పదిహేడు రాళ్ళు.

వాచీ కుడి చేతికి మార్చాక: ఒక్క రాయి, అది కూడా నీళ్ళ సీసా తీసుకోవడానికి వెనక్కి వంగినప్పుడు.

తర్వాత వాచీని మళ్ళీ ఎడమకే పెట్టి, డబ్బాలోంచి ఎడమ బడ్‌ని ముందు తీసి, అది కలిశాక కుడిది తీశాను. నా మోడల్లో ముందు బయటికి వచ్చినదే ప్రధానం అవుతుందని దీంతో తేలింది, ఎందుకంటే రెండు రాళ్ళే వచ్చాయి. వాచీ చేయి మార్చుకోవడం ఇష్టం లేనివాళ్ళకి ఇది మంచి దారి. మీ బడ్స్‌లో ఇలా ఉండకపోవచ్చు, కొన్నిటిలో ప్రధానం ఎప్పుడూ ఒకటే ఉంటుంది, కొన్నిటిలో అవే మార్చుకుంటాయి. పైన చెప్పినట్టు డబ్బాలో పెట్టి తీసి చూసుకుంటే తెలుస్తుంది.

ఇంకో చిన్న గుర్తు. రెండు చెవుల్లోనూ ఒకేసారి తెగితే తేడా వాచీకీ ప్రధాన బడ్‌కీ మధ్య. ఒక్క చెవిలోనే తెగుతుంటే తేడా రెండు బడ్స్ మధ్య, అప్పుడు వాచీ చేయి మార్చినా లాభం ఉండదు.

జనవరి 11

ఎడమ బడ్ ముందు తీసే పద్ధతిలో గుడి దాకా వెళ్ళి వచ్చాను. బ్రిడ్జి మీద పోయేటప్పుడు ఒకసారి తెగింది, వచ్చేటప్పుడు అసలు లేదు. దరువు ముదిరే చోట బ్రిడ్జి ఎక్కాను, అవతలి ఒడ్డు దాకా ఎలా వెళ్ళానో తెలియలేదు.

అయితే పన్నెండో నిమిషం దాటాక ఒక చోట దరువు విరిగింది. వెనక్కి తిప్పి విన్నాను, సరిగ్గా అక్కడే విరిగింది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టినా అక్కడే. అంటే అది బ్లూటూత్ కాదు, ఫైల్లోనే ఉంది. సిగ్నల్ తెగులు ఎప్పుడూ ఒకే చోట రాదు, చేయి ఎక్కడ ఉందో రోడ్డు ఎలా ఉందో దాన్ని బట్టి మారుతుంది, ఫైలు తెగులు మాత్రం ప్రతిసారీ అదే నిమిషంలో వస్తుంది. రికార్డింగులో అక్కడ మావయ్య ఎవరితోనో "ఆ పక్కకి జరగండొరే" అనడం కూడా సన్నగా వినిపిస్తుంది. ఫోన్ ఎవరి చేతిలోంచో మారి ఉంటుంది.

బ్యాటరీ రాసిపెట్టుకున్నాను: బయలుదేరేటప్పుడు 92 శాతం, వచ్చేసరికి 79. ఈ వాచీకి జీపీఎస్ ఒక్కటే నడిస్తే 24 గంటల దాకా, జీపీఎస్‌తో పాటు పాటలు కూడా నడిస్తే 6 గంటల దాకా అని కంపెనీ చెప్తుంది. నలభై అయిదు నిమిషాలకి 13 శాతం అంటే ఆరు గంటల లెక్కకి దాదాపు సరిపోయింది, పాత బ్యాటరీ అయినా. కాబట్టి వారానికోసారి చార్జింగ్ అన్న అలవాటు పోయింది, మూడు నాలుగు పరుగులకి ఒకసారి పెట్టాల్సిందే. ఫుల్ మారథాన్ అయిదు గంటలు పట్టేవాళ్ళు ఈ వాచీలో మొదటి నుంచీ పాటలు పెట్టుకోకుండా రెండో సగానికి దాచుకోవడం మంచిది.

జనవరి 13

ఈ రోజు భయం వేసింది, అందుకే ఇది రాస్తున్నాను. పొగమంచు బాగా ఉంది, పాతపట్నం వైపు నుంచి లారీ వెనకగా వచ్చింది, హారన్ కొట్టేదాకా నాకు వినపడలేదు. రెండు చెవుల్లోనూ తప్పెట. ఆ రోడ్డు మీద రెండు చెవులూ మూసుకుని పరుగెత్తడం ఇక లేదని అక్కడే నిర్ణయించుకున్నాను.

ఒక్క బడ్ చాలు. కానీ ఒక్కటే పెట్టుకుంటే నాన్న పాటల్లో ఒక ఇబ్బంది వచ్చింది. కొన్ని స్టీరియో పాటల్లో గొంతు ఒక పక్క, వాయిద్యాలు ఒక పక్క ఎక్కువగా ఉంటాయి, ఒక చెవిలో వింటే పాటలో సగమే వస్తుంది. దీనికి వాచీలోనే మందు ఉంది. `Settings > Music > Audio` లో మోనో పెడితే రెండు పక్కలవీ కలిపి ఒకే ధారగా పంపుతుంది. ఏ చెవిలో పెట్టుకున్నా పాట మొత్తం వస్తుంది.

ఒక్క బడ్‌కి ఇంకో లాభం కూడా ఉంది. వాచీ ఉన్న ఎడమ పక్కదే పెట్టుకుంటాను కాబట్టి అదే ప్రధానం, రెండో బడ్ సంగతే లేదు, తెగడానికి ఉన్న రెండు చోట్లలో ఒకటి పూర్తిగా పోయింది. కుడి చెవి రోడ్డుకి వదిలేశాను. నేను రోడ్డుకి కుడి పక్కన, ఎదురుగా వచ్చే బళ్ళు కనిపించేలా పరుగెత్తుతాను. వెనక నుంచి వచ్చే బళ్ళు నాకు ఎడమ వైపు నుంచి వస్తాయి, దాంతో ఒక చిక్కు వచ్చింది: రోడ్డు వైపు చెవి మూసుకుని పొలాల వైపు చెవి తెరిచి పెట్టుకున్నట్టయింది. కాసేపు ఆలోచించి వాచీని కుడి చేతికి మార్చాను, బడ్ కుడి చెవికి. ఇప్పుడు ఎడమ చెవి రోడ్డుకి ఉంది, వాచీ, బడ్ రెండూ ఒకే పక్క ఉన్నాయి. కుడి చేతికి వాచీ కొత్తగా ఉంటుంది, బటన్లు నొక్కడానికి ఎడమ చేయి వాడాలి, అదొక్కటే అలవాటు అవ్వాలి.

కనుమ నాడు

మావయ్య ఊరు వచ్చాను. ఈసారి వాట్సాప్ మైకు జోలికి పోలేదు, ఫోన్‌లో ఉన్న రికార్డర్ యాప్ తెరిచి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాను. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. ఫోన్‌ని బృందానికి నాలుగయిదు గజాల దూరంలో అరుగు మీద పెట్టి, కింద తువ్వాలు మడిచి వేశాను. ముందు మరీ దగ్గరగా ఒక నిమిషం తీసి చూస్తే తప్పెట దెబ్బకి శబ్దం పగిలిపోయింది, అందుకే వెనక్కి జరిపాను.

నలభై మూడు నిమిషాలు ఆడారు. చివరి పదినిమిషాల్లో గజ్జెలూ తప్పెటా కలిసిపోయి ఒకటే హోరు. ఫైలు `.m4a`గా వచ్చింది, నలభై ఎంబీ దాకా. మార్చాల్సిన పనే లేదు, వాచీకి ఇది నేరుగా తెలుసు.

జనవరి 18

ఇంటికి వచ్చి ఎక్కించాను. అంత పెద్ద ఫైలుతో ఒక ఇబ్బంది: వాచీ బటన్లతో ఫైలు మధ్యకి వెళ్ళాలంటే ముందుకి నొక్కి పట్టుకుని వేచి ఉండాలి, ఫోన్‌లో లాగా వేలితో లాగడం ఉండదు. నాకు చివరి ఊపు ముక్క ఒక్కటే కావాల్సిన రోజులుంటాయి. అందుకని పదేసి నిమిషాల ముక్కలు చేశాను:

```
ffmpeg -i kanuma.m4a -c copy -f segment -segment_time 600 -reset_timestamps 1 kanuma_%02d.m4a
```

`-c copy` అంటే శబ్దాన్ని మళ్ళీ కుదించకుండా ఉన్నది ఉన్నట్టు కోయడం. క్షణంలో అయిపోతుంది, నాణ్యత పోదు. సున్నా నుంచి నాలుగు దాకా అయిదు ముక్కలు వచ్చాయి, చివరిది మూడు నిమిషాలే. ఒక ముక్క అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట చిన్న విరామం వినిపిస్తుంది, దరువు అక్కడ ఒక్క క్షణం తప్పుతుంది. పూర్తిగా వినాలనుకున్న రోజుకి మొత్తం ఫైలు కూడా పక్కనే ఉంచాను. చోటుకి కరువు లేదు, ఇది 500 పాటల దాకా పడుతుందని చెప్పే వాచీ, నావి డెబ్భై కూడా లేవు.

జనవరి 20

ఫోన్ చార్జింగులో, దాని బ్లూటూత్ ఆఫ్. వాచీ కుడి చేతికి. కుడి బడ్ ఒక్కటే, మోనో. DOWN నొక్కి పట్టుకుని పాటల తెర, అక్కడ UP నొక్కి పట్టుకుని `My Music`, కనుమ మొత్తం ఫైలు. తర్వాత పరుగు మొదలుపెట్టాను.

గజ్జెలు ఒక్కొక్కటీ వినిపిస్తున్నాయి. మొదటి పావుగంట దరువు మెల్లగా ఉంటుంది, నేనూ మెల్లగానే, వాచీలో నిమిషానికి అడుగులు 156 దగ్గర ఉన్నాయి. గుడి దగ్గర తిరిగేసరికి బృందం మధ్య ఆటలోకి వచ్చింది. బ్రిడ్జి మీదకి వచ్చేసరికి హోరు మొదలైంది, అడుగులు 172. బ్రిడ్జి పొడవునా ఒక్కసారి కూడా తెగలేదు.

ఇంటికి వచ్చి మావయ్యకి ఫోన్ చేశాను. ఎక్కడ బాగుంది అని అడిగాడు. బ్రిడ్జి మీద చివరి ఆట మావయ్యా అన్నాను. "అది ఇంకా పావుగంట ఆడేవోళ్ళం, కుర్రోళ్ళకి ఆయాసం వచ్చీసింది" అన్నాడు. వచ్చే పండక్కి ఆ పావుగంట కూడా ఆడతామన్నాడు. అప్పటికి ఫోన్‌లో చోటు ఖాళీ చేసి ఉంచుకోవాలి, రికార్డింగ్ దాదాపు గంట అవుతుంది.